బొమ్మ తేటగా ఉంటే సరిపోదు: రైఫిల్ స్కోప్‌లో పారలాక్స్, దాన్ని పోగొట్టే సైడ్ ఫోకస్ నాబ్

టెక్సస్‌లో మేం వెళ్ళే రేంజ్‌లో ఒక శనివారం పొద్దున, 50 గజాల లైను దగ్గర, నా పాయింట్ 22 రైఫిల్‌ని బెంచ్ మీద ఇసుక సంచుల మీద ఆనించి అయిదు రౌండ్లు కాల్చాను. అయిదూ రూపాయి బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. సంతోషంగా చాప పరుచుకుని, బోర్లా పడుకుని, అదే టార్గెట్ మీద పక్క చుక్కకి మరో అయిదు కాల్చాను. అవీ అంతే దగ్గరగా పడ్డాయి. కాకపోతే గుంపు మొత్తం ఒక సెంటీమీటరు కిందికి దిగిపోయింది.

"చవగ్గా వస్తున్నాయని ఆ డబ్బా తెచ్చావు, ఇప్పుడు అనుభవించు బావా" అన్నాడు మా బావమరిది.

తూటాలు కారణం కాదని చూడగానే తెలుస్తుంది. తూటాల వేగంలో తేడాలుంటే రంధ్రాలు పైకీ కిందికీ చెదిరిపోయి గుంపు నిలువుగా సాగాలి. ఇక్కడ గుంపు చెదరలేదు, ఉన్నది ఉన్నట్టుగా కిందికి జరిగింది. గాలి అనుకుందామా అంటే గాలి తోసేది ముఖ్యంగా పక్కకి. నేను కూర్చున్న తీరు, పడుకున్న తీరు తప్ప మారిందేమీ లేదు. అప్పుడు స్కోప్ ఎడమ పక్కనున్న సైడ్ ఫోకస్ నాబ్ చూశాను. టార్గెట్ దూరాన్ని బట్టి తిప్పాల్సిన నాబ్ అది. కిందటి వారం 100 గజాలకి కాల్చి అలాగే వదిలేశాను. 50 దగ్గరి చుక్క 100 సెట్టింగ్‌లో కూడా నాకు పర్వాలేదన్నట్టు కనిపించింది కాబట్టి నాబ్ గుర్తే రాలేదు. ఈ తప్పు చేసేవాళ్ళు చాలామంది. బొమ్మ తేటగా కనిపిస్తే పారలాక్స్ లేనట్టే అనుకుంటారు.

అసలు జరిగేదేమిటి

ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్ళకి ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో కుంభాకార కటకం ప్రయోగం గుర్తుండాలి. ఒక పిన్ను తాలూకు ప్రతిబింబం, దాని దగ్గర ఇంకో నిజమైన పిన్ను. తల అటూ ఇటూ ఊపుతూ రెండో పిన్నును ముందుకీ వెనక్కీ జరిపేవాళ్ళం. తల ఊపినా రెండూ అతుక్కుపోయినట్టు కలిసి కదిలితే అవి ఒకే చోట ఉన్నట్టు. ఒకటి ఇంకోదాన్ని దాటి పక్కకి జరిగితే అవి వేరువేరు దూరాల్లో ఉన్నట్టు. స్కోప్‌లో చేయాల్సింది కూడా అచ్చంగా ఆ ప్రయోగమే.

స్కోప్ ముందున్న పెద్ద లెన్స్ టార్గెట్ తాలూకు బొమ్మని గొట్టం లోపల ఒకచోట ఏర్పరుస్తుంది. గురిచూసే గీతల్ని, అంటే క్రాస్‌హెయిర్‌ని, తయారీదారు గొట్టంలో ఒకచోట స్థిరంగా బిగించి ఉంచుతాడు. బొమ్మ సరిగ్గా ఆ గీతల మీదే పడితే కాగితం మీద గీత గీసినట్టే. కన్ను ఎటు జరిగినా గీత, బొమ్మ విడిపోవు. బొమ్మ గీతలకి కాస్త ముందో వెనకో పడితే మాత్రం కన్ను జరిగినప్పుడల్లా గీతలు టార్గెట్ మీద తేలుతున్నట్టు జరుగుతాయి. పారలాక్స్ అంటే ఇదే. బస్సులో పక్క సీట్లోంచి చూస్తే స్పీడోమీటర్ ముల్లు డ్రైవర్‌కి కనిపించే అంకె మీద కాకుండా పక్క అంకె మీద కనిపించడం ఇలాంటిదే.

బొమ్మ ఎందుకు జరుగుతుందంటే, టార్గెట్ దూరం మారినప్పుడల్లా అది ఏర్పడే చోటు మారుతుంది. లెక్క కోసం ముందు లెన్స్ ఫోకల్ లెంగ్త్ 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎక్కడో అనంత దూరంలో ఉన్న వస్తువుతో పోలిస్తే, 100 గజాల దగ్గరి టార్గెట్ బొమ్మ సుమారు 0.44 మి.మీ. వెనక్కి పడుతుంది. 50 గజాలకి సుమారు 0.88 మి.మీ. 10 గజాలకైతే ఏకంగా 4.5 మి.మీ. సైడ్ ఫోకస్ నాబ్ చేసే పని ఈ జరుగుడుని సరిచేయడమే. నాబ్ తిప్పితే లోపల, ముందు లెన్స్‌కీ గీతలకీ మధ్య ఉన్న ఒక చిన్న లెన్స్ ముందుకో వెనక్కో జరుగుతుంది. బొమ్మ మళ్ళీ గీతల మీద వాలుతుంది. కొన్ని స్కోపులకి ఈ నాబ్ బదులు ముందు లెన్స్ చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. పని అదే, కాకపోతే పడుకుని ఉన్నప్పుడు చెయ్యి అంత ముందుకి చాపాలి.

ఆ అంకెల్లోనే ఇంకో సంగతి ఉంది. 100 గజాల నుంచి అనంతం దాకా మొత్తం దూరానికి బొమ్మ జరిగేది అర మిల్లీమీటరు కూడా కాదు. 10 నుంచి 20 గజాలకి మాత్రం 2 మిల్లీమీటర్ల పైనే. అందుకే నాబ్ మీద దగ్గరి అంకెలు ఎడంఎడంగానూ, 200 దాటాక అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగానూ ఉంటాయి. దూరాలకి నాబ్ వెంట్రుకవాసి తిప్పినా తేడా వస్తుంది.

ఎంత తప్పు పడుతుంది

రైఫిల్ ఖాళీగా ఉండగా స్కోప్‌ని కిటికీ వైపో ఆకాశం వైపో (సూర్యుడి వైపు ఎప్పుడూ కాదు) పెట్టి, కన్ను పెట్టి చూసే వైపు లెన్స్, అంటే ఐపీస్ నుంచి ఒక జానెడు వెనక్కి జరిగి చూడండి. ఐపీస్ మధ్యలో గుండ్రటి వెలుగు బిళ్ళ కనిపిస్తుంది. దాని వెడల్పు, ముందు లెన్స్ వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే వచ్చేంత. నాది 6-24x50 స్కోప్, అంటే 6 నుంచి 24 రెట్లు, ముందు లెన్స్ 50 మి.మీ. 20 రెట్ల దగ్గర పెడితే 50ని 20తో భాగించగా ఆ బిళ్ళ 2.5 మి.మీ. కన్ను మధ్యలోంచి అటు మిల్లీమీటరుంపావు, ఇటు మిల్లీమీటరుంపావు జరిగేదాకా బొమ్మ పూర్తిగా నల్లబడదు. ఆ సందులో కన్ను ఎక్కడున్నా మనకి అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, తప్పు మాత్రం జరిగిపోతుంది.

అది ఎంతో ఇలా లెక్కేయొచ్చు:

```
తప్పు = కన్ను జరిగింది × మాగ్నిఫికేషన్ × (దూరాల తేడా ÷ నాబ్ దూరం)
```

దూరాల తేడా అంటే నాబ్ నిజంగా సరిపోయే దూరానికీ టార్గెట్ ఉన్న దూరానికీ మధ్య తేడా. నా శనివారం సంగతే తీసుకుందాం. నాబ్ 100 గజాల దగ్గర, టార్గెట్ 50 దగ్గర, 20 రెట్లు. బెంచ్ మీద కూర్చున్నప్పుడు తల బరువంతా స్టాక్ మీద వదిలేసేవాణ్ణి, కన్ను మధ్యకి ఇంచుమించు అర మిల్లీమీటరు కింద ఉండేది. పడుకున్నప్పుడు చెంప కాస్త తేలి, కన్ను అర మిల్లీమీటరు పైకి వెళ్ళేది. మొత్తం ఒక మిల్లీమీటరు. 1 × 20 × (50 ÷ 100) అంటే 10 మి.మీ. సరిగ్గా ఒక సెంటీమీటరు. కన్ను కొలిచి చూసుకోలేదు కాబట్టి ఈ అర మిల్లీమీటర్లు నేను గుంపు నుంచి వెనక్కి లెక్కేసుకున్నవే, కానీ చెంప కదలిక అంతకన్నా తక్కువేమీ ఉండదని మీరూ అద్దంలో చూస్తే ఒప్పుకుంటారు.

రెండు గుంపులూ విడివిడిగా ఎందుకు అంత బిగువుగా ఉన్నాయో కూడా ఇందులోనే తెలుస్తోంది. తల ప్రతిసారీ ఒకేచోట పెడితే తప్పు కూడా ప్రతిసారీ ఒకేలా పడుతుంది. గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోప్‌ని బెంచ్ మీదే జీరో చేసి బెంచ్ మీదే కాల్చేవాడికి ఏళ్ళతరబడి పారలాక్స్ ఉన్నట్టే తెలియదు. భంగిమ మార్చినరోజు బయటపడుతుంది.

అదే లెక్కతో ఎక్కువలో ఎక్కువ ఎంత తప్పు పడుతుందో కూడా చెప్పొచ్చు. కన్ను ఆ వెలుగు బిళ్ళ అంచు దాకా జరిగితే "కన్ను జరిగింది × మాగ్నిఫికేషన్" అన్న భాగం ముందు లెన్స్ వ్యాసంలో సగం అవుతుంది. నా స్కోప్‌కి 25 మి.మీ. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. నాబ్‌ని 50 దగ్గర మరిచిపోయి 300 గజాలకి కాలిస్తే 25 × 250 ÷ 50, అంటే 125 మి.మీ. దాకా తప్పొచ్చు. అదే నాబ్‌ని ∞ దగ్గర మరిచిపోతే, టార్గెట్ ఎంత దూరంలో ఉన్నా 25 మి.మీ. దాటదు. దూరం తెలియనప్పుడు నాబ్‌ని దూరం వైపే వదలడం మంచిదని నేను అనేది అందుకే. దగ్గరి చిన్న టార్గెట్లకి 25 మి.మీ. కూడా ఎక్కువే అనుకోండి, అది వేరే సంగతి.

ముందు ఐపీస్, తర్వాతే నాబ్

స్కోప్‌లో రెండు ఫోకస్‌లు ఉంటాయి, వాటిని కలగలిపితే ఎంత తిప్పినా పని జరగదు. కంటి దగ్గర ఐపీస్ తాలూకు రింగు క్రాస్‌హెయిర్‌ని మీ కంటికి తేటగా చూపించడానికి. పక్కనున్న నాబ్ టార్గెట్ బొమ్మని క్రాస్‌హెయిర్ మీదికి తేవడానికి. ఐపీస్ ఒక్కసారి సరిచేసుకుంటే మీ కన్ను మారేదాకా ముట్టుకోనక్కర్లేదు. నాబ్‌ని దూరం మారినప్పుడల్లా తిప్పాలి.

ఐపీస్ సరిగ్గా లేకపోతే ఏమవుతుందంటే, మీ కన్ను తనంతట తాను సర్దుకుని గీతల్ని తేటగా చూస్తుంది. ఆ సర్దుబాటులో ఉండగా నాబ్ తిప్పితే, బొమ్మ ఒకచోట తేటగా కనిపిస్తుంది, పారలాక్స్ ఇంకోచోట పోతుంది. రెండూ ఎప్పటికీ కలవవు. కుర్రవాళ్ళ కళ్ళు ఈ మోసం ఎక్కువ చేస్తాయి. చత్వారం వచ్చిన నాలాంటివాళ్ళ కళ్ళకి అంత సర్దుకునే ఓపిక ఉండదు కాబట్టి, ఐపీస్ తప్పుగా ఉంటే గీతలు మసకగా కనిపించి వెంటనే దొరికిపోతాయి. ముసలితనానికి ఉన్న కొద్ది లాభాల్లో ఇదొకటి.

చేసే పద్ధతి ఇది. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి లేదా తెరిచి ఉంచి, రైఫిల్ గొట్టం టార్గెట్ల వైపే ఉండేలా గట్టిగా ఆనించండి. మాగ్నిఫికేషన్ చివరిదాకా పెంచండి. నాబ్‌ని ∞ దగ్గర పెట్టి, స్కోప్‌ని అటువైపే ఏ వివరాలూ లేని చోటికి, తెల్లటి గోడో ఖాళీ ఆకాశమో, తిప్పండి. అక్కడ కంటికి పట్టుకోవడానికి గీతలు తప్ప ఏమీ ఉండకూడదు. ఐపీస్ రింగుని గీతలు మసకబారేదాకా పూర్తిగా బయటికి తిప్పండి. ఇప్పుడు కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ, ప్రతి తిప్పుడుకీ దూరంగా చెట్టునో కొండనో చూసి, మళ్ళీ స్కోప్‌లోకి ఒక్క రెండు సెకన్లు మాత్రమే చూడండి. చూసిన ఆ మొదటి క్షణంలోనే గీతలు నల్లగా, అంచులు కోసినట్టు కనిపించాలి. అక్కడ ఆపేయండి. తదేకంగా చూస్తూ తిప్పితే కన్ను సర్దుకుపోతుంది, మొదటి చూపు చెప్పిందే నిజం.

కళ్ళద్దాలతో కాల్చేవాళ్ళు అవే కళ్ళద్దాలతో ఇది చేసుకోవాలి. అయిపోయాక రింగు మీద, ఐపీస్ మీద కలిసేలా ఒక చుక్క నెయిల్ పాలిష్ పెట్టేస్తే, సంచిలో పెట్టేటప్పుడు తిరిగిపోయినా కనిపెట్టొచ్చు. నా ఆవిడ దగ్గర ఎర్రది అరువు తెచ్చాను, నాలుగేళ్ళయినా చెక్కు చెదరలేదు.

నాబ్ తిప్పడం, తల ఊపడం

ఇప్పుడు టార్గెట్ మీదికి రండి. రేంజ్‌లో సీజ్ ఫైర్ ప్రకటించి మనుషులు ముందుకి వెళ్ళినప్పుడు రైఫిల్‌ని ముట్టుకోకూడదు, స్కోప్‌లోంచి చూడను కూడా చూడకూడదు. కాల్పులు నడిచే సమయంలో, మీ రైఫిల్ ఖాళీగా ఉండగా ఇది చేసుకోండి.

మొదట, నాబ్‌ని ∞ దగ్గరికి తీసుకెళ్ళి అక్కడినుంచి దగ్గరి అంకెల వైపు నెమ్మదిగా తిప్పండి. టార్గెట్ మీద సన్నటి వివరం ఒకటి, స్టేపుల్ పిన్నో అచ్చు గీతో పాత రంధ్రం అంచో, తేటగా వచ్చేదాకా. ఇంతటితో ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. ఇది సుమారు లెక్క మాత్రమే. కన్ను కొంచెం ముందున్నదాన్నీ కొంచెం వెనకున్నదాన్నీ కూడా తేటగానే చూస్తుంది కాబట్టి, తేటదనం ఒక చోటు చెప్పదు, ఒక మేర చెబుతుంది.

తర్వాత అసలు పరీక్ష. గీతల మధ్య చుక్కని ఆ వివరం మీద పెట్టి, రైఫిల్ సంచుల మీద తనంతట తాను నిలబడేలా చూసి, చేతులు తీసేయండి. చెంప కూడా స్టాక్‌కి ఆనించొద్దు, స్టాక్ కదిలితే పరీక్ష పాడు. ఇప్పుడు తలని చాలా కొద్దిగా, బొమ్మ అంచు నల్లబడటం మొదలయ్యేదాకా, పైకీ కిందికీ, తర్వాత ఎడమకీ కుడికీ జరపండి. గీతలు టార్గెట్ మీద జరుగుతున్నాయా చూడండి.

జరిగితే, ఎటు జరిగాయో చూడండి. చేతి వేలు కంటికి ఎదురుగా పెట్టి దూరంగా చెట్టుని చూస్తూ తల కుడికి జరిపితే వేలు చెట్టు మీద ఎడమకి వెళ్తుంది కదా, దగ్గరున్నది ఎప్పుడూ తలకి ఎదురు దిక్కున పోతుంది. స్కోప్‌లో గీతలు నాబ్ చెప్పే దూరంలో ఉన్నట్టు అనుకోవచ్చు. కాబట్టి గీతలు మీ తలకి ఎదురు దిక్కున జరిగితే, నాబ్ టార్గెట్ కన్నా దగ్గరి దూరానికి ఉన్నట్టు, ∞ వైపు తిప్పాలి. గీతలు మీ తలతోపాటే అదే దిక్కుకి వస్తే, నాబ్ టార్గెట్‌ని దాటి దూరానికి ఉన్నట్టు, చిన్న అంకెల వైపు తిప్పాలి. ఈ ఒక్కటి గుర్తుంటే గుడ్డిగా అటూ ఇటూ తిప్పే బాధ తప్పుతుంది.

ఇది తెలిస్తే రంధ్రాలు ఎటు జరుగుతాయో కూడా తెలిసిపోతుంది. నాబ్ దూరం ఎక్కువగా ఉంటే గుండు మీ కన్ను జరిగిన వైపుకి ఎదురు వైపున పడుతుంది. నాబ్ దూరం తక్కువగా ఉంటే కన్ను జరిగిన వైపే పడుతుంది. నా రెండో గుంపు కిందికి దిగడం అందుకే. నాబ్ 100, టార్గెట్ 50, కన్ను పైకి లేచింది, గుళ్ళు కిందికి పోయాయి.

కొద్దిగా తిప్పండి, చేతులు తీయండి, తల ఊపండి, చూడండి. మళ్ళీ. చివరికి వచ్చేసరికి నాబ్ ఒక గీత మందం తిప్పితే చాలు. గీతలు టార్గెట్‌కి మేకు కొట్టినట్టు నిలబడిపోతాయి. ఒకవేళ నాబ్ సరైన చోటు దాటిపోతే, వెనక్కి తిప్పి అక్కడ ఆపేయకండి. బాగా దాటి ∞ వైపు వెళ్ళి, మళ్ళీ అదే దిక్కునుంచి రండి. లోపలి యంత్రంలో కాస్త వదులు ఉంటుంది. ఒకవైపునుంచి వచ్చి ఆగిన 60కీ, రెండోవైపునుంచి వచ్చి ఆగిన 60కీ లెన్స్ ఒకే చోట ఉండదు. చవక స్కోపుల్లో ఈ వదులు చేతికే తెలుస్తుంది.

గీతలు నిలబడ్డాయి గానీ బొమ్మ మసగ్గా ఉందనుకోండి. అప్పుడు నాబ్‌ని తిప్పి తేట తెచ్చుకోవద్దు. ఐపీస్ సరిగ్గా లేదని అర్థం, ముందు మెట్టుకి వెళ్ళి ఐపీస్ మళ్ళీ చేయండి. కాల్చాల్సిన సమయం దగ్గరపడి అంత తీరిక లేకపోతే, తేటదనాన్ని వదులుకుని పారలాక్స్ లేని చోటే ఉంచుకోండి. కాస్త మసగ్గా ఉన్న చుక్క మధ్యలోకి గురి పెట్టొచ్చు, జరిగిపోయే గీతలతో ఏం చేయలేం.

ఎండ ఎక్కాక ఈ పరీక్ష చేయడం వృథా. నేల నుంచి లేచే వేడిగాలికి 20 రెట్లలో టార్గెట్ నీళ్ళలో ఉన్నట్టు ఊగుతుంది, ఏది పారలాక్స్ వల్ల జరిగిందో ఏది వేడి వల్ల ఊగిందో తెలియదు. మా ఊరి వేసవిలో పొద్దున తొమ్మిది దాటితే నేను నాబ్‌ని సరిచేసే ప్రయత్నం మానేస్తాను.

నాబ్ మీది అంకెల్ని నమ్మొద్దు

ఆ శనివారం ఇదంతా చేసేసరికి నా నాబ్ ఆగిన చోటు 50 కాదు, 60కి కాస్త ఇవతల. స్కోప్ పాడైందని కాదు. ఆ అంకెలు ఫ్యాక్టరీలో ఒక నమూనాకి కొట్టినవి. లెన్స్ తయారీలో వెంట్రుకవాసి తేడా, మీ కంటికి పెట్టుకున్న ఐపీస్, ఆరోజు వాతావరణం, అన్నీ కలిసి అంకెని జరుపుతాయి. చలికాలం పొద్దున గుర్తు పెట్టుకున్న చోటు ఎండాకాలం మధ్యాహ్నానికి తప్పుతుంది. ఫీల్డ్ టార్గెట్ ఆటగాళ్ళు ఎయిర్ రైఫిళ్ళతో ఆడేటప్పుడు ఈ నాబ్‌కి పెద్ద చక్రం తగిలించుకుని, ఫోకస్ కుదిరిన చోటుని బట్టే దూరం అంచనా వేస్తారు. వేడికి గుర్తులు జరగడం మీద వాళ్ళు చేసే గోల అంతా ఇంతా కాదు.

అందుకని నాబ్ చుట్టూ సన్నటి మాస్కింగ్ టేప్ అంటించి, ప్రతి దూరంలోనూ తల ఊపి తేల్చుకున్న చోట పెన్సిల్‌తో గీత పెట్టుకున్నాను. 25, 50, 100, 200. నాలుగు గీతలే. కాల్చే ముందు గీత దగ్గరికి తిప్పి, ఒక్కసారి తల ఊపి సరిచూసుకోవడం పది సెకన్ల పని. గీత దారి చూపడానికే, తీర్పు తల ఊపుడిదే.

నాబ్ లేని స్కోప్ ఉంటే

చాలా స్కోపులకి ఈ నాబ్ ఉండదు, పారలాక్స్‌ని ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి స్థిరం చేస్తారు. పెద్ద రైఫిళ్ళ స్కోపులకి సాధారణంగా 100 గజాలు, కొన్నిటికి 150. పాయింట్ 22 కోసం చేసినవాటికి 50 లేదా 60. ఇక్కడ జింకల వేటకి వెళ్ళేవాళ్ళు నాబ్ లేకుండానే బతుకుతారు, అందులో తప్పు లేదు. 40 మి.మీ. లెన్స్, 100 గజాలకి స్థిరం చేసిన స్కోప్‌తో 200 గజాలకి కాలిస్తే ఎక్కువలో ఎక్కువ పడే తప్పు 20 మి.మీ. అంత పెద్ద జంతువు మీద అది లెక్కలోది కాదు. అదే స్కోప్‌ని ఎయిర్ రైఫిల్‌కి బిగించి 10 గజాల్లో కాల్చబోతే మాత్రం తప్పు 18 మి.మీ. దాకా పోతుంది, బొమ్మ కూడా మసగ్గానే ఉంటుంది. 10 గజాల దాకా ఫోకస్ అయ్యే స్కోప్ దానికి కావాలి, కొనేముందు నాబ్ మీద అన్నిటికన్నా చిన్న అంకె ఎంతో చూడండి. కొన్నిటికి అది 50 దగ్గరే ఆగిపోతుంది. (ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ చూసి మన గగన్ నారంగ్ ఏ స్కోప్ వాడాడని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ పోటీల్లో స్కోప్‌కి అనుమతే లేదు, సన్నటి రంధ్రంలోంచి గురి చూస్తారు.)

నాబ్ లేనప్పుడు ఉన్న దారి కన్నుని మధ్యలో నిలపడమే. చూస్తున్న గుండ్రటి బొమ్మ చుట్టూ సన్నటి నల్ల అంచు నాలుగు వైపులా సమానంగా కనిపించేలా తలని కాస్త వెనక్కి జరిపితే కన్ను మధ్యకి వచ్చినట్టే. అంచు ఒకవైపు మందంగా ఉంటే కన్ను జరిగింది. స్టాక్ మీద చెంప ఆనే చోట నురుగు ముక్కో మడిచిన తోలో కట్టి ఎత్తు సరిచేసుకుంటే తల ప్రతిసారీ అక్కడే కూర్చుంటుంది. ముందు లెన్స్ మూతకి మధ్యలో ఒక 20 మి.మీ. రంధ్రం చేసి తగిలించడం ఇంకో చిట్కా. వెలుతురు తగ్గుతుంది, కానీ కన్ను జరిగే చోటే లేకుండా పోతుంది. 40 మి.మీ. లెన్స్‌కి అలా చేస్తే పడగలిగే తప్పు సరిగ్గా సగం అవుతుంది. కాగితం టార్గెట్లకి పట్టపగలు ఇది బాగా పనిచేస్తుంది.

పారలాక్స్ కానివి

గుంపు జరిగిన ప్రతిసారీ నాబ్‌ని అనుమానించక్కర్లేదు. రైఫిల్ కదలకుండా తల ఊపినప్పుడు గీతలు నిలబడి ఉన్నా గుంపు జరుగుతోందంటే, కారణం ఇంకెక్కడో ఉంది. స్కోప్ రింగుల స్క్రూలు వదులైతే గుంపు ఒక్కసారిగా జరుగుతుంది, లేదా రౌండు రౌండుకీ తిరుగుతుంది. రైఫిల్ పక్కకి వాలితే దూరం పెరిగేకొద్దీ పక్కకి పోతుంది. పడుకున్నప్పుడు రైఫిల్ ముందుండే రెండు కాళ్ళ స్టాండు, బైపాడ్ మీద వేసే బరువు మారినా గుళ్ళు పైకో కిందికో పోతాయి. నేను కూడా మొదట అదే అనుకుని ఒక డబ్బా సగం ఖర్చుపెట్టాను.

తేల్చుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. బెంచ్ మీదే కూర్చుని, నాబ్‌ని కావాలని తప్పు చోట, నా విషయంలో 100 దగ్గర, పెట్టి, కన్నుని కావాలని పైకి పెట్టి అయిదు కాల్చండి. తర్వాత కన్నుని కిందికి పెట్టి అయిదు. రెండు గుంపులు విడిపోవాలి. ఇప్పుడు తల ఊపి నాబ్ సరిచేసి, మళ్ళీ పైన అయిదు, కింద అయిదు. ఈసారి రెండూ ఒకదాని మీద ఒకటి పడితే, జరిపింది పారలాక్సే.

నేనదే చేశాను. మొదటి జంటలో గుంపుల మధ్యన బొటనవేలి గోరంత ఎడం వచ్చింది. నాబ్‌ని 60కి ఇవతలికి తెచ్చాక కాల్చిన పది రంధ్రాల్లో ఏవి పైన కన్నువో ఏవి కింద కన్నువో విడదీయలేకపోయాం. బావమరిది టార్గెట్ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, డబ్బాలో మిగిలిన తూటాలు తన జేబులో వేసుకున్నాడు.